తన్ను తానే కోసుకునే ఆర్‌ఎన్‌ఏను ఉత్ప్రేరకం అని ఎట్లా అంటారు?

"సర్, మహబూబ్‌నగర్‌లో ఉండి జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదువుకుంటున్నాను. ఉత్ప్రేరకం అంటే చర్య అయ్యాక కూడా తాను మారకుండా మిగిలేది అని డిగ్రీలో నేర్చుకున్నాం. టెట్రాహైమెనా ఇంట్రాన్ తన్ను తానే కోసుకొని బయటికొస్తుంది, అంటే మారిపోతుంది కదా? మరి దాన్ని ఉత్ప్రేరకం అని ఎట్లా అంటారు? అసలు ఆ ట్యూబులో ఏదో ప్రోటీన్ మిగిలిపోయి ఆ పని చేసిందేమో అని ఎవరికీ అనుమానం రాలేదా?"

అనుమానం అందరికంటే ముందు ఆ ప్రయోగం చేసినవాళ్లకే వచ్చిందమ్మా. మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండోది ముందు తేల్చుకుంటే మొదటిదానికి దారి దొరుకుతుంది, అందుకే ప్రోటీన్ సంగతితో మొదలుపెడతాను.

టెట్రాహైమెనా అంటే మంచినీళ్లలో బతికే ఏకకణ జీవి, ఒంటి నిండా సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు ఉంటాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో థామస్ చెక్ బృందం దాన్ని ఎంచుకోవడానికి కారణం చాలా మామూలుది. దాని పెద్ద కేంద్రకంలో రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు ప్రతులు పదివేల దాకా ఉంటాయి. కాబట్టి ఒకే రకం ఆర్‌ఎన్‌ఏ కుప్పలుగా దొరుకుతుంది. ఆ జన్యువు మధ్యలో 413 అక్షరాల ఇంట్రాన్ ఒకటి ఉంది. ముందుగా తయారయ్యే పొడవాటి ఆర్‌ఎన్‌ఏలోంచి ఆ 413 అక్షరాలు తెగిపోయి, అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లు అతుక్కోవాలి. దీన్ని చేసే ఎంజైమ్ ఏదో పట్టుకుందామని వాళ్లు బయలుదేరారు. ఆర్‌ఎన్‌ఏ స్వయంగా ఏదో చేస్తుందని నిరూపించాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు.

పద్ధతి సూటిగా ఉంటుంది. కోత పడని ఆర్‌ఎన్‌ఏను శుద్ధి చేసి రెండు ట్యూబుల్లో పోస్తారు. ఒకదాంట్లో కేంద్రకాల నుంచి తీసిన సారం కలుపుతారు, అందులో ఎంజైమ్ ఉండాలి. రెండోదాంట్లో కలపరు, అది కంట్రోల్. ఆ తర్వాత జెల్ మీద నడిపిస్తే సారం కలిపిన వరుసలోనే ఇంట్రాన్ బ్యాండ్ కనిపించాలి. ఆ బృందంలోని ఆర్థర్ జాగ్ చేసిన ప్రయోగంలో రెండు వరుసల్లోనూ ఇంట్రాన్ కనిపించింది. చెక్ తర్వాత తన నోబెల్ ప్రసంగంలో ఈ సంగతి చెప్పుకున్నాడు. ఫలితం బాగుందిగానీ కంట్రోల్ ట్యూబు కలపడంలో నువ్వెక్కడో పొరపాటు చేసి ఉంటావు అని జాగ్‌తో అన్నాడట. ప్రయోగశాలలో పనిచేసిన వాళ్లెవరైనా అదే మాట అంటారు. జాగ్ మళ్లీ జాగ్రత్తగా చేశాడు, మళ్లీ అదే వచ్చింది.

అప్పుడే మీ అనుమానం వాళ్లకూ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏను కణంలోంచే కదా తీశాం, ఏదో ప్రోటీన్ దానికి గట్టిగా కరుచుకొని వచ్చి ఉంటుంది అనుకున్నారు. ఆ ప్రోటీన్‌ను పాడుచేయడానికి తెలిసిన దారులన్నీ ప్రయత్నించారు. మరగబెట్టారు, సబ్బులాంటి డిటర్జెంట్‌తో కడిగారు, ప్రోటీన్లను తెగ్గొట్టే ఎంజైములు వేశారు. ఏం చేసినా ఇంట్రాన్ తెగిపడుతూనే ఉంది. ఇంత చేసినా నమ్మనివాడు నమ్మడు. ఆర్‌ఎన్‌ఏకు రసాయన బంధంతోనే అతుక్కున్న ప్రోటీన్ ముక్క ఉంటే? మరగబెట్టినా చెడిపోని ప్రోటీన్ అయితే? "లేదు" అన్నదాన్ని కడిగి కడిగి నిరూపించలేం. ఎంత కడిగినా ఇంకొంచెం మిగిలిందేమో అనే మాట మిగులుతుంది.

అందుకని వాళ్లు కడగడం మానేసి, టెట్రాహైమెనా కణాన్నే లెక్కలోంచి తీసేశారు. ఇంట్రాన్ ఉన్న డీఎన్‌ఏ ముక్కను ప్లాస్మిడ్‌లో పెట్టి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచారు. ఆ ప్లాస్మిడ్‌ను శుద్ధి చేసి, శుద్ధి చేసిన ఈ.కోలై పాలిమరేజ్‌తో ట్యూబులోనే ఆర్‌ఎన్‌ఏ తయారుచేశారు. తయారవుతున్నప్పుడే కోత పడకుండా పరిస్థితులను అదుపులో పెట్టారు. తర్వాత పాలిమరేజ్‌ను ఫినాల్‌తో తీసేసి, ఆర్‌ఎన్‌ఏను జెల్‌లోంచి కోసి తీసుకున్నారు. ఈ ఆర్‌ఎన్‌ఏ తన జన్మలో టెట్రాహైమెనా కణాన్ని చూడలేదు, కాబట్టి ఆ కణపు ప్రోటీన్ దానికి అతుక్కొని వచ్చే అవకాశమే లేదు. మెగ్నీషియం, గ్వానోసిన్ ఉన్న ద్రావణంలో వేశారు. ఇంట్రాన్ సరిగ్గా అదే చోట తెగింది, ఎక్సాన్లు అతుక్కున్నాయి. ఈ పని 1982లో అచ్చయింది, ఉత్ప్రేరకంగా పనిచేసే ఆర్‌ఎన్‌ఏకు రైబోజైమ్ అన్న పేరు పుట్టింది కూడా ఆ వ్యాసంలోనే. పరీక్షలో "ప్రోటీన్ లేదని ఎలా తెలిసింది" అని అడిగితే మరగబెట్టడం గురించి నాలుగు వాక్యాలు రాసి ప్లాస్మిడ్‌ను మర్చిపోయేవాళ్లు చాలామంది. అసలు సాక్ష్యం ప్లాస్మిడ్‌దే.

ఇప్పుడు ఆ కోత లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది.

బయటికొచ్చిన ఇంట్రాన్‌ను చదివితే 413 అక్షరాలకు బదులు 414 కనిపించాయి. ముందు కొసన ఒక G ఎక్కువ ఉంది, డీఎన్‌ఏలో దానికి ప్రతి లేదు. రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఉన్న GTP వేస్తే ఆ గుర్తు వచ్చి ఇంట్రాన్ మొదట్లో కూర్చుంది. దీనర్థం బయటి నుంచి వచ్చిన గ్వానోసిన్ చర్యలో పాల్గొంటోంది. GTP అనగానే మనకు శక్తి గుర్తొస్తుంది, ఇక్కడ అది తప్పుదారి. మూడు ఫాస్ఫేట్లున్న GTP ఇచ్చినా, ఒక్కటే ఉన్న GMP ఇచ్చినా, ఫాస్ఫేటే లేని గ్వానోసిన్ ఇచ్చినా పని జరుగుతుంది. ATP ఇస్తే జరగదు. హైడ్రాక్సిల్ తీసేసిన డీఆక్సీ గ్వానోసిన్ ఇచ్చినా జరగదు. కావలసింది శక్తి కాదు, ఆ గ్వానోసిన్ చక్కెర మీద ఉన్న ఓహెచ్ గుంపు.

జరిగేది రెండు అడుగులు. మొదటి అడుగులో గ్వానోసిన్ మూడో స్థానపు ఓహెచ్ పోయి, మొదటి ఎక్సాన్‌కూ ఇంట్రాన్‌కూ మధ్య ఉన్న ఫాస్ఫేట్ మీద పడుతుంది. ఎక్సాన్ ఆ ఫాస్ఫేట్‌ను వదిలేస్తుంది, గ్వానోసిన్ పట్టుకుంటుంది. అలా G ఇంట్రాన్ తలకు చేరింది, మొదటి ఎక్సాన్ కొసన ఖాళీ ఓహెచ్ మిగిలింది. రెండో అడుగులో ఈ ఖాళీ ఓహెచ్ పోయి, ఇంట్రాన్ చివరకూ రెండో ఎక్సాన్‌కూ మధ్య ఉన్న ఫాస్ఫేట్ మీద పడుతుంది. ఈసారి ఇంట్రాన్ వదులుతుంది, ఎక్సాన్ పట్టుకుంటుంది. రెండు ఎక్సాన్లు ఒకటయ్యాయి, ఇంట్రాన్ విడిపోయింది.

లెక్క పెట్టి చూడండి. ప్రతి అడుగులో ఒక బంధం తెగింది, అదే రకం బంధం ఒకటి ఏర్పడింది. గద్వాలలోనో నారాయణపేటలోనో మగ్గం దగ్గర పాత పడుగు అయిపోయే ముందు ఒక్కో పోగుకు కొత్త పోగును అతికేవాళ్లను చూసే ఉంటారు. పాత కొసను గాలికి వదిలేసి కొత్తదాన్ని వెతుక్కోరు, ఒక చేతిలోది వదలకముందే ఇంకోటి పట్టుకుంటారు. ఇక్కడ కూడా ఫాస్ఫేట్ ఒక ఓహెచ్ చేతిలోంచి ఇంకో ఓహెచ్ చేతిలోకి మారుతుందే తప్ప మధ్యలో గాలికి వేలాడదు. బయటి నుంచి శక్తి అవసరం లేకపోవడానికి కారణం ఇదే. ఈ ఉపమానం ఇక్కడివరకే పనికొస్తుంది. మగ్గం దగ్గర అతికే మనిషి వేరు, పోగు వేరు. ఇక్కడ పోగే అతుక్కుంటోంది.

మరి నాలుగు వందల పైచిలుకు ఫాస్ఫేట్లుంటే సరిగ్గా ఆ రెండింటి మీదనే ఎందుకు పడుతుంది? ఇంట్రాన్ లోపల GGAGGG అనే ఆరక్షరాల ముక్క ఉంది, దారి చూపే వరుస అనుకోండి. మొదటి ఎక్సాన్ చివర CUCUCU ఉంది. రెండూ ఎదురెదురుగా జతకడతాయి. కోత పడే చోటున్న చివరి U మామూలుగా A తో కాకుండా G తో జతకడుతుంది. ఆ వంకర జత చెరిపి చూస్తే కోత దెబ్బతింటుంది, అంటే ఇక్కడ కొయ్యి అని చెప్పే గుర్తు అదే. గ్వానోసిన్ కూర్చోడానికి ఇంట్రాన్ మడతల్లో వేరే గుంట ఉంది. ఈ మడతలు నిలబడడానికీ, ఫాస్ఫేట్ మీద రుణావేశాన్ని సర్దడానికీ మెగ్నీషియం అయాన్లు కావాలి. మెగ్నీషియం తీసేస్తే చర్య ఆగిపోతుంది.

మా నల్లగొండ పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది. "సార్, మా బోరు నీళ్లల్ల కాల్షియం మస్తుంటది కదా, దాంతోని నడ్వదా?" ఫ్లోరైడ్ నీళ్లు, గిన్నెలకు పట్టే తెల్లని పొరలు చూసి పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న రావాల్సిందే. మంచి ప్రశ్న కూడా. కాల్షియం మడతలను కొంతవరకు నిలబెట్టగలదు, కానీ కోత దగ్గర మెగ్నీషియం చేసే పని చేయలేదు. మాంగనీస్ చేయగలదు. ఈ తేడా వల్లే మెగ్నీషియానికి రెండు వేర్వేరు పనులున్నాయని, ఒకటి కట్టడానికి, ఇంకొకటి కోతకు అని విడదీయగలిగారు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ తెగింది అన్నంతమాత్రాన అది స్వయంగా తెగినట్టు కాదు. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు, ఎండాకాలంలో, ఈ ఇంట్రాన్ ఉన్న ప్లాస్మిడ్‌తో ప్రయోగం మొదలుపెట్టాను. ట్యూబు మూత తీసి అరగంట పక్కన పెట్టాను, చేతులకు తొడుగులు వేసుకోవడం బద్ధకించాను. జెల్ చూస్తే ఆర్‌ఎన్‌ఏ అంతా తెగింది. స్నేహితులకు చూపించి స్వయం కోత పనిచేసిందని గొప్పగా చెప్పాను. మా సీనియర్ ఒకాయన జెల్ వైపు చూసి, "బ్యాండ్ ఏది?" అన్నాడు. నిజమే, అక్కడ బ్యాండ్ లేదు. పై నుంచి కింది దాకా పొగలా పాకిన మరక మాత్రం ఉంది.

మన వేళ్ల మీద, చెమటలో, ఎక్కడ చూసినా ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములు ఉంటాయి. అవి దొరికినచోటల్లా కొరుకుతాయి, అందుకే మరక వస్తుంది. స్వయం కోత రెండే చోట్ల పడుతుంది, అందుకే గీత గీసినట్టు బ్యాండ్లు వస్తాయి. సరిగ్గా చేసిన జెల్‌లో కోత పడని పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటి, 414 అక్షరాల ఇంట్రాన్ ఒకటి, అతుక్కున్న ఎక్సాన్ల చిన్న ముక్క ఒకటి కనిపించాలి. వీటితోపాటు ఉండాల్సిన దానికంటే పైన ఆగిపోయిన ఒక వింత బ్యాండ్ కూడా ఉంటుంది, దాని కథ కాసేపట్లో. రుజువు కోసం మూడు కంట్రోళ్లు పెట్టాలి: గ్వానోసిన్ లేని ట్యూబు, మెగ్నీషియంను బంధించే ఈడీటీఏ వేసిన ట్యూబు, సున్నా నిమిషం దగ్గర ఆపేసిన ట్యూబు. చేతి నుంచి వచ్చిన ఎంజైమ్‌కు గ్వానోసిన్ ఉన్నా లేకున్నా ఒకటే, అది కొరుకుతూనే ఉంటుంది. ఇంట్రాన్‌కు అలా కుదరదు. ఈ తేడా కనిపిస్తేనే మాట్లాడాలి. నా మొదటి జెల్‌లో గ్వానోసిన్ లేని వరుస కూడా అచ్చం అలాగే పొగబారి ఉంది. నేను దాన్ని చూడనే లేదు.

ఇంకో చిక్కు దీనికి వ్యతిరేకమైనది, అది తర్వాత తెలిసింది. ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ద్రావణంలో GTP ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది. అంటే కోతకు కావలసినవన్నీ తయారీలోనే ఉన్నాయి. జాగ్రత్త పడకపోతే మీరు ప్రయోగం మొదలుపెట్టకముందే కోత అయిపోతుంది. 1982 నాటి బృందం కోతను అణిచే పరిస్థితుల్లో తయారుచేయడానికి కారణం ఇదే.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు చెప్పిన నిర్వచనం సరైందే, మీ అభ్యంతరమూ సరైందే. ఇంట్రాన్ తన సొంత కోతలో ఒక్కసారే పనిచేస్తుంది, అయ్యాక అది మొదటి రూపంలో ఉండదు. చర్యను ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుంది, సరైన చోటునే ఎంచుకుంటుంది, అంటే ఎంజైమ్‌కుండే లక్షణాలు రెండు దానికి ఉన్నాయి. మూడోది, మళ్లీ మళ్లీ పనిచేయడం, లేదు. ఈ లోటును ఆనాడే ఒప్పుకున్నారు. అందుకే స్వయం కోతను వర్ణించేటప్పుడు ఎంజైమ్ అనకుండా "ఎంజైమ్ లాంటిది" అనేవాళ్లు.

ఆ లోటు తీరిన దారి ఆ వింత బ్యాండ్ నుంచే మొదలైంది. బయటపడ్డ ఇంట్రాన్ ఊరికే ఉండదు. దాని చివరి అక్షరం G. ఆ G ఓహెచ్ వెనక్కి తిరిగి తన తలవైపే ఒక ఫాస్ఫేట్ మీద పడుతుంది. తల నుంచి 15 అక్షరాలు రాలిపోయి, మిగిలిన 399 అక్షరాలు గుండ్రంగా చుట్టుకుంటాయి. జెల్‌లో గుండ్రని అణువు అదే పొడవున్న సూటి అణువులా నడవదు, అందుకే బ్యాండ్ తప్పుడు చోట ఆగింది. ఆ చక్రం తర్వాత తెరుచుకుంటుంది, ఇంకోసారి చుట్టుకొని మరో నాలుగు అక్షరాలు పోగొట్టుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. చివరికి 395 అక్షరాల సూటి ఆర్‌ఎన్‌ఏ మిగులుతుంది. తల నుంచి మొత్తం 19 అక్షరాలు పోయాయి కాబట్టి దాని పేరు ఎల్-19.

ఈ ఎల్-19కు కోసుకోవడానికి తనలో ఇక ఏమీ మిగల్లేదు. కానీ GGAGGG అలాగే ఉంది, చివరి G అలాగే ఉంది. పనిముట్లున్నాయి, పని లేదు. జాగ్, చెక్ దానికి బయటి నుంచి పని ఇచ్చారు. ఐదు C లున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను ట్యూబులో వేశారు, ఎందుకంటే C లు ఆ GGAGGG మీద కూర్చోగలవు. మొదటి ముక్క వచ్చి కూర్చుంటుంది. ఎల్-19 చివరి G దాని కొసనున్న ఒక C ని తన మీదికి లాక్కుంటుంది, నాలుగు C ల ముక్క వెళ్లిపోతుంది. రెండో ఐదు C ల ముక్క వచ్చి కూర్చుంటుంది. ఎల్-19 తన దగ్గరున్న C ని దానికి అంటిస్తుంది, ఆరు C ల ముక్క వెళ్లిపోతుంది. లెక్క ఇదీ:

C5 + C5 → C4 + C6

రెండు అడుగులూ అయ్యాక ఎల్-19 మొదట ఎలా ఉందో అలాగే ఉంది. మీ నిర్వచనం అక్షరాలా నెరవేరింది. మళ్లీ ఇంకో ముక్కకు సిద్ధం. కొలిచి చూస్తే ఒక్కో ఎల్-19 అణువు నిమిషానికి సుమారు రెండుసార్లు పనిచేసింది. ముక్కల గాఢత పెంచుతూ పోతే వేగం పెరిగి ఒకచోట నిలిచిపోయింది, అచ్చం ప్రోటీన్ ఎంజైమ్‌లా. సగం వేగానికి కావలసిన గాఢత, అంటే Km, 42 మైక్రోమోలార్. డీఆక్సీ C లతో చేసిన ముక్క వేస్తే చోటు ఆక్రమించి పనిని అడ్డుకుంది, అది కూడా ఎంజైముల పద్ధతే. 1986లో వచ్చిన ఆ వ్యాసం పేరులోనే టెట్రాహైమెనా ఇంట్రాన్ ఎంజైమ్ అని ధైర్యంగా రాసుకున్నారు. నాలుగేళ్ల కింద రాయలేని మాట అది.

అయితే మళ్లీ మళ్లీ పనిచేసే ఆర్‌ఎన్‌ఏను మొదట చూపించింది వీళ్లు కాదు, ఈ గౌరవం తప్పుగా పంచేస్తుంటారు. యేల్‌లో సిడ్నీ ఆల్ట్‌మన్ బృందం ఆర్‌ఎన్‌ఏజ్ పి అనే ఎంజైమ్ మీద పనిచేసేది. అది టీఆర్‌ఎన్‌ఏల ముందున్న అదనపు తోకను కోసేస్తుంది. ఈ.కోలైలో దానికి 377 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఒకటి, చిన్న ప్రోటీన్ ఒకటి ఉంటాయి. మెగ్నీషియం ఎక్కువగా ఇస్తే ప్రోటీన్ లేకుండా ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కోస్తుందని 1983లో తేలింది. ఇక్కడ కోసేది వేరు, కోయబడేది వేరు, కాబట్టి మీ అభ్యంతరం మొదటి నుంచీ వర్తించదు. 1989 రసాయన నోబెల్ చెక్, ఆల్ట్‌మన్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

పరిమితులు చెప్పకుండా వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టే. ట్యూబులో తయారైన ఈ రైబోజైమ్‌లో చాలా భాగం తప్పుగా మడతపడి చిక్కుకుపోతుంది. ఆకారం సరైనదానికి చాలా దగ్గరగా ఉంటుంది, పని మాత్రం చేయదు. దాన్ని విప్పుకొని మళ్లీ మడతపడనివ్వడానికి 10 మిల్లీమోలార్ మెగ్నీషియంలో 50 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి వాడటం ప్రయోగశాలల్లో అలవాటు. ఈ మెట్టు మర్చిపోతే సగం అణువులు మొండికేస్తాయి, మీరు రేటు తక్కువ అనుకుంటారు. కణంలో ఈ కోత ట్యూబులో కంటే చాలా వేగంగా జరుగుతుంది. కొన్ని శిలీంధ్రాల ఇంట్రాన్లకైతే కణంలో ప్రోటీన్ సాయం తప్పనిసరి. న్యూరోస్పోరాలో సీవైటీ-18 అనే ప్రోటీన్ అలాంటిదే, మామూలుగా అది టైరోసిన్‌ను టీఆర్‌ఎన్‌ఏకు తగిలించే ఎంజైమ్. ఆ ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏను సరైన ఆకారంలో పట్టుకుంటుంది, కోసేది మాత్రం ఆర్‌ఎన్‌ఏనే. కాబట్టి "స్వయం" అన్న మాటకు రసాయనం ఆర్‌ఎన్‌ఏది అని అర్థం. కణంలో ఎవరి సాయమూ అక్కరలేదని కాదు.

ఆదిలో ఆర్‌ఎన్‌ఏ ప్రపంచం ఉండేదని ఇది నిరూపిస్తుందా అని కూడా పరీక్షల్లో అడుగుతారు. ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్నీ మోయగలదు, ఉత్ప్రేరకంగానూ ఉండగలదు అన్నంతవరకే ఈ ప్రయోగాలు చూపిస్తాయి. ఎప్పుడో అలా జరిగిందని కాదు. నా మటుకు నాకు ఇంట్రాన్ కంటే రైబోసోమ్ గట్టి సాక్ష్యం. 2000లో దాని పెద్ద భాగపు నిర్మాణం బయటపడ్డప్పుడు, అమైనో ఆమ్లాలను కలిపే చోటికి దాదాపు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం దాకా ప్రోటీన్ లేదు, అంతా ఆర్‌ఎన్‌ఏనే.

పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా వస్తే రెండు అడుగుల బొమ్మ వేసి, రెండింటి పక్కనా తెగిన బంధం ఒకటి, ఏర్పడిన బంధం ఒకటి అని రాయండి. ఇంట్రాన్ తల మీద కొత్త G ని గుండ్రంగా చుట్టండి. కింద ఎల్-19 లెక్క ఒక్క వరుసలో వేస్తే చాలు. బొమ్మలో G ని మర్చిపోయి GTP పక్కన "శక్తి" అని రాసిన పేపర్లు నేను దిద్దినవి లెక్కలేనన్ని, వాటికి సగం మార్కులే వేశాను.